బ్రాకెట్లో ఉన్న సంవత్సరం: బీథోవెన్ ఉత్తరాలకు తేదీలు ఎలా తేల్చారు?

బీథోవెన్‌కు చెవుడు ఎప్పుడు మొదలైంది? ఒక పుస్తకం 1796 అంటుంది, ఇంకోటి 1797, మరోటి 1798. ఈ అంకెలేవీ గాలిలోంచి పుట్టలేదు. మూడూ ఆయన స్వహస్తంతో రాసిన కాగితాల్లోంచే వచ్చాయి. మరి ఒకే మనిషి, ఒకే జబ్బు, ఆయన సొంత మాటలు ఉండగా మూడు సంవత్సరాలు ఎందుకు?

దీనికి జవాబు లేఖల సంపుటాలు ఎలా తయారవుతాయన్నదాంట్లో ఉంది. జీవితచరిత్రల్లో ఖాయంగా కనిపించే చాలా తేదీలు ఉత్తరంలో ఉన్నవి కావు, సంపాదకులు లెక్క కట్టి వేసినవి. ఆ లెక్క ఎలా కడతారో, ఎక్కడ గట్టిగా నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో చూడటానికి బీథోవెన్ ఉత్తరాల కన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. ఆయన తరచూ తేదీ, నెల వేసి ఏడాది వదిలేసేవాడు. చదివేవాళ్లకు అది ఏ ఏడో తెలుసు కదా, ఇంకెందుకు రాయడం!

బ్రాకెట్ల లోపల ఉన్నది ఎవరి మాట?

బీథోవెన్ ఉత్తరాలను ఎమిలీ ఆండర్సన్ ఇంగ్లీషులోకి అనువదించి 1961లో మూడు సంపుటాలుగా తెచ్చింది. జర్మన్ మూలంలో బ్రాండెన్‌బుర్గ్ సంపాదకత్వంలోని పెద్ద సంపుటాలు 1996 నుంచి వచ్చాయి. ఇలాంటి వాటిలో ఏ ఉత్తరం తెరిచినా పైన తేదీ ఉంటుంది. అందులో కొంత భాగం చదరపు బ్రాకెట్లలో ఉంటే, ఆ భాగం రాసింది బీథోవెన్ కాదు, సంపాదకుడు. గాంధీ సమగ్ర రచనల సంపుటాల్లోనూ ఇదే పద్ధతి: తేదీ లేని ఉత్తరానికి ఊహించిన తేదీని బ్రాకెట్లో పెట్టి, అవసరమైనచోట కారణం కూడా చెబుతారు.

చిక్కేమిటంటే, ఆ ఉత్తరాన్ని ఎవరైనా తమ వ్యాసంలో ఉటంకించేటప్పుడు బ్రాకెట్లు రాలిపోతాయి. అక్కణ్నుంచి అది "బీథోవెన్ 1801 జూన్ 29న రాసిన ఉత్తరం" అయిపోతుంది. అసలు కాగితం మీద ఉన్నది "వియన్నా, జూన్ 29" మాత్రమే.

ఇక్కడ రెండు మాటలు తెలిస్తే చాలు. ఉత్తరంలోనే దొరికే ఆనవాళ్లు, అంటే వారం పేరు, ఊరు, ఎవరో వచ్చారన్న కబురు లాంటివి లోపలి ఆధారాలు. ఉత్తరానికి బయట దొరికేవి, అంటే పోస్టు ముద్ర, హోటల్ రిజిస్టరు, వేరే వాళ్ల డైరీ, వేరే ఉత్తరాలు, ఇవి బయటి ఆధారాలు. ఈ రెండూ కలిసి ఒక ఘటనకు రెండు హద్దులు గీస్తాయి: ఇంతకు ముందు జరిగి ఉండదు, ఇంత తర్వాత జరిగి ఉండదు. ఆ హద్దులు ఎంత దగ్గరికొస్తే తేదీ అంత గట్టిది.

"మూడేళ్లుగా" అంటే ఎప్పటి నుంచి?

జూన్ 29 నాటి ఆ ఉత్తరం బీథోవెన్ తన చిన్ననాటి స్నేహితుడు, డాక్టరు అయిన వేగెలర్‌కు రాసింది. మూడేళ్లుగా తన వినికిడి తగ్గుతూ వస్తోందని ఇందులో చెప్పుకున్నాడు. ఇక లెక్క తేలికే అనిపిస్తుంది: ఉత్తరం రాసిన ఏడాదిలోంచి మూడు తీసేయడమే. కానీ ఏడాది లేదు.

వేగెలర్ దీన్ని 1838లో అచ్చు వేయించినప్పుడు 1800 నాటిదన్నాడు. ఉత్తరం అందుకున్న మనిషే చెబితే ఇంక అడ్డేముంది అనుకుంటాం. కానీ అప్పటికి నలభై ఏళ్లు కావస్తోంది, ఆయన జ్ఞాపకం మీద ఆధారపడ్డాడు. తర్వాతి వాళ్లు ఉత్తరంలోనే ఒక మాట పట్టుకున్నారు. తమ ఇద్దరికీ స్నేహితుడైన స్టెఫాన్ ఫాన్ బ్రాయ్‌నింగ్ ఇప్పుడు ఇక్కడే ఉన్నాడని, దాదాపు రోజూ కలుస్తున్నామని బీథోవెన్ అందులో రాశాడు. బ్రాయ్‌నింగ్ వియన్నాకు వచ్చింది 1801లో. కాబట్టి ఉత్తరం 1801 జూన్‌ది, చెవుడు మొదలైంది 1798 ప్రాంతంలో. 1797 అని రాసేవాళ్లు తెలిసో తెలియకో వేగెలర్ వేసిన ఏడాదిని మోస్తున్నారన్నమాట.

మరి 1796 ఎక్కడిది? 1802 అక్టోబరులో హైలిగెన్‌స్టాట్ అనే పల్లెలో తమ్ముళ్ల పేరిట రాసి, పంపకుండా దాచుకున్న పత్రంలోది. దానిమీద ఏడాదితో సహా తేదీ ఉంది. అందులో ఆరేళ్లుగా ఈ దుస్థితిలో ఉన్నానన్నాడు. 1802లోంచి ఆరు తీస్తే 1796.

రెండూ ఆయన మాటలే, రెండూ పొసగవు. ఇలాంటప్పుడు చాలామంది ఏదో ఒకటి ఎంచుకుని రెండోదాన్ని పొరపాటనేస్తారు. నాకు మాత్రం అంత తొందర అవసరం లేదనిపిస్తుంది. మెల్లగా ముదిరే జబ్బుకు మొదటి రోజంటూ ఉండదు. డాక్టరు స్నేహితుడికి లక్షణాలు వివరిస్తూ "మూడేళ్లు" అనడం ఒకటి, బతుకు మీద విరక్తితో "ఆరేళ్లు" అనడం ఇంకొకటి. "ఇన్నేళ్లుగా" అన్న మాటలోంచి తీసిన ఏ సంవత్సరానికైనా అటూ ఇటూ ఏడాదో రెండేళ్లో ఖాళీ వదలాల్సిందే.

ఇక్కడే ఇంకో ఉత్తరం అక్కరకొస్తుంది. అమెండా అనే ఆప్తుడికి జూలై 1న రాసినదిది. దీనికీ ఏడాది లేదు, సంపాదకులు 1801 అన్నారు. నువ్వు నా దగ్గర ఉన్నప్పుడే ఈ లక్షణాలు కాస్త కనిపించాయి, నీకు చెప్పలేదు అని ఇందులో ఒప్పుకున్నాడు. అమెండా వియన్నా విడిచి వెళ్లింది 1799లో. అంటే అప్పటికే చెవుడు మొదలైంది. ఈ హద్దు విలువైనది, ఎందుకంటే ఉత్తరం ఏ ఏడాది రాసినా ఇది మారదు. "మూడేళ్లు" అన్నది ఉత్తరం తేదీతో పాటు కదులుతుంది. "నువ్వున్నప్పుడే" అన్నది అమెండా ప్రయాణానికి కట్టేసి ఉంది.

సొరుగులో దొరికిన పది పేజీలు

ఇక అసలు చిక్కుముడికి వద్దాం. 1827 మార్చి 26న బీథోవెన్ చనిపోయాడు. ఆయన దాచుకున్న బ్యాంకు షేర్ల కోసం వెతుకుతుంటే రహస్య సొరుగులోంచి పెన్సిలుతో రాసిన ఒక ప్రేమలేఖ బయటపడింది. "అమర ప్రేయసి" లేఖగా ప్రపంచానికి తెలిసింది ఇదే. పది పేజీలు. ఎవరికో పేరు లేదు, ఎక్కణ్నుంచో ఊరు లేదు, ఏడాది లేదు. మూడు విడతలుగా రాశాడు: జూలై 6 ఉదయం, సోమవారం జూలై 6 సాయంత్రం, జూలై 7 ఉదయం.

కార్యదర్శిగా ఉన్న షిండ్లర్ 1840లో జీవితచరిత్ర రాస్తూ దీన్ని అచ్చు వేశాడు. ఇది 1806 నాటిదని, జూలియెట్టా గ్విచార్డి అనే కౌంటెస్‌కు రాసిందని చెప్పాడు. చాలాకాలం లోకం అదే నమ్మింది. కానీ జూలియెట్టా 1803లోనే పెళ్లి చేసుకుని ఇటలీ వెళ్లిపోయింది. (బీథోవెన్‌కు వినపడక ఎదుటివాళ్లు తమ మాటలు రాసి చూపిన సంభాషణ పుస్తకాల్లో షిండ్లర్ తర్వాతెప్పుడో దొంగ రాతలు చేర్చాడని 1970లలో తేలింది. ఆయన మాటను ఒంటి సాక్ష్యంగా ఎవరూ తీసుకోకపోవడానికి అదో కారణం.)

వారం, తేదీ కలిస్తే ఎన్ని సంవత్సరాలు మిగులుతాయి?

ఏడాది లేకపోయినా "సోమవారం జూలై 6" అన్నది గొప్ప ఆనవాలు. మామూలు ఏడాదిలో 365 రోజులు, అంటే 52 వారాల మీద ఒక రోజు. అందుకే అదే తేదీ మరుసటి ఏడు వారంలో ఒక రోజు ముందుకు జరుగుతుంది, మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు రోజులు, అంటే సోమవారం కాస్తా బుధవారం అవుతుంది.

1812 జూలై 6 సోమవారం. అక్కణ్నుంచి 1806కి వెనక్కి వెళ్దాం. ఆరేళ్లకు ఆరు, మధ్యలో 1808, 1812 లీపు సంవత్సరాలు కాబట్టి ఇంకో రెండు, మొత్తం ఎనిమిది. ఏడు పోతే ఒకటి. సోమవారం నుంచి ఒకటి వెనక్కి వస్తే ఆదివారం. 1806 జూలై 6 ఆదివారం, షిండ్లర్ చెప్పిన ఏడాది కుదరదు. అదే 1807 అయితే ఐదు, రెండు కలిసి సరిగ్గా ఏడు, కాబట్టి సోమవారమే. ఇలా వెళితే ఆయన వియన్నాలో స్థిరపడ్డాక జూలై 6 సోమవారం పడిన సంవత్సరాలు 1795, 1801, 1807, 1812, 1818. 1795కీ 1801కీ మధ్య లెక్క తప్పేవాళ్లుంటారు: 1800 నాలుగుతో భాగించబడినా గ్రెగోరియన్ క్యాలెండర్లో లీపు సంవత్సరం కాదు.

మన పాత ఉత్తరాల్లో "ఆనంద నామ సంవత్సరం" అని ఉంటే ఇదే ఇబ్బంది, కాకపోతే చుట్టు పెద్దది: ఆ పేరు 60 ఏళ్లకోసారి తిరిగొస్తుంది. బీథోవెన్ సోమవారం ఐదారేళ్లకో, పదకొండేళ్లకో తిరిగొస్తుంది. అంటే లెక్క ఒక్కటే ఏడాదిని తేల్చదు. ఐదుగురు అనుమానితులను ముందు నిలబెడుతుంది, అంతే.

తేదీ వేసినాయనే తప్పు వేస్తే?

ఇక్కడ న్యాయంగా ఒక అభ్యంతరం చెప్పుకోవాలి. రాసినవాళ్లు తేదీలు తప్పు వేయరా? జనవరిలో పాత ఏడాది వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పందొమ్మిదో శతాబ్దపు పెద్ద జీవితచరిత్రకారుడు థేయర్ ఈ వాదనే పట్టుకున్నాడు. జూలియెట్టా కథను కొట్టేశాడు గానీ 1806ను వదల్లేదు. బీథోవెన్ ఒక రోజు పొరపాటు పడ్డాడనుకుంటే 1806 కుదురుతుంది కదా అన్నాడు.

వినడానికి సబబుగానే ఉంది. కానీ ఉత్తరాన్ని దగ్గరగా చదివితే ఈ వాదన బలహీనపడుతుంది. సాయంత్రం విడతలో బీథోవెన్ ఒక బాధ వెళ్లగక్కాడు: ఇక్కణ్నుంచి "కె" అనే ఊరికి టపా సోమవారం, గురువారం మాత్రమే పోతుందట, ఉత్తరాలు తెల్లవారుజామునే ఇవ్వాలట, ఇప్పుడే తెలిసింది. నా మొదటి కబురు నీకు శనివారం దాకా అందదేమో అని ఏడుస్తున్నానన్నాడు. ఆ రోజు నిజంగా సోమవారమైతేనే ఈ బాధకు అర్థం ఉంది. పొద్దున టపా తప్పిపోయింది, మళ్లీ గురువారం, ప్రయాణానికి రెండు రోజులు, శనివారం. అంటే వారం పేరు ఏదో అలవాటుగా రాసింది కాదు, ఆ రోజు జరిగినదానితో ముడిపడి ఉంది.

ఇక తప్పుండాల్సింది అంకెలోనే. 1806లో ఆ సోమవారం జూలై 7. అప్పుడు బీథోవెన్ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, మర్నాడు ఇంకోసారి, మూడుసార్లూ ఒకే తప్పు వేసి ఉండాలి. అసాధ్యం అనలేం. మొదట పడిన తప్పే తర్వాతా కొనసాగి ఉండొచ్చు. కానీ దాన్ని నమ్మడానికి వేరే కారణం కావాలి, 1806 కావాలన్న కోరిక తప్ప అలాంటిదేదీ కనిపించదు.

ఈ పనిలో తరచూ జరిగే పొరపాటే ఇది. ఫలానా ఆమెకు రాశాడని ముందే అనుకుని, ఆమెకు సరిపడే ఏడాదిని ఉత్తరానికి వేసి, ఆ ఏడాదిని చూపించి ఆమేనని రుజువైందంటారు. ఘటనతో ఉత్తరానికి తేదీ, ఉత్తరంతో ఘటనకు తేదీ. ఈ చక్రంలోంచి బయటపడాలంటే మూడో ఆధారం, రెండింటితో సంబంధం లేనిది, కావాలి.

గెస్టు లిస్టు, పబ్లిషరుకు రాసిన ఉత్తరం

ఆ మూడో ఆధారం కోసం ఉత్తరంలోని ప్రయాణ వివరాలు చూడాలి. నిన్న తెల్లవారుజామున నాలుగింటికి ఇక్కడికి చేరానన్నాడు. గుర్రాలు చాలక బండి వేరే దారి పట్టింది. రాత్రిపూట ఆ అడవిలో వెళ్లొద్దని ఆఖరి మజిలీలో చెప్పినా వినలేదు. అడుగు తెలియని బురద బాటలో బండి విరిగింది. మామూలు దారిన వెళ్లిన ఎస్టర్‌హాజీ అనే కులీనుడికి ఎనిమిది గుర్రాలున్నా అదే గతి పట్టింది, నాకు నాలుగే. రేపటికి గానీ బస ఖాయం కాదు. స్నానాల చికిత్సలో ఉన్నాను కాబట్టి పడుకోవాలి.

అంటే అది ఆరోగ్య స్నానాల ఊరు, దూరప్రయాణం చేసి చేరిన ఊరు. ఇప్పుడు ఐదు సంవత్సరాలనూ దీని ముందు పెడదాం. 1795లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, ముగ్గురు వాయించడానికి ఆయన రాసిన తొలి ట్రయోల ప్రచురణ వియన్నాలో నడుస్తోంది. 1801లో జూన్ 29న, జూలై 1న వియన్నాలో ఉన్నాడు (ఆ ఉత్తరాల ఏడాదీ బ్రాకెట్లోదేనని మరిచిపోకూడదు). 1818 వేసవిలో వియన్నా దగ్గరి మోడ్లింగ్‌లో ఉన్నాడు. 1807 కాస్త గట్టి పోటీదారు, ఎందుకంటే ఆ వేసవి బాడెన్‌లో గడిపాడు, అదీ స్నానాల ఊరే. కానీ బాడెన్ వియన్నాకు పాతిక కిలోమీటర్ల దూరం. రాత్రంతా అడవిలో నాలుగు గుర్రాల బండితో పడ్డ అవస్థకు అది సరిపోదు.

1812లో మాత్రం ముక్కలన్నీ వాటంతటవే అతుక్కుంటాయి. ఆ వేసవి ఆయన ప్రాగ్ మీదుగా బొహీమియాలోని టెప్లిట్జ్ అనే స్నానాల ఊరికి వెళ్లాడు. జూలై 17న అక్కణ్నుంచి లైప్‌జిగ్‌లోని పబ్లిషర్లకు రాస్తూ 5వ తేదీ నుంచి ఇక్కడున్నానన్నాడు. ఇది పని మీద రాసిన ఉత్తరం, ప్రేమలేఖతో దీనికి ఏ సంబంధమూ లేదు. 6న రాస్తూ "నిన్న తెల్లవారుజామున" అన్న మాటకు ఇది అచ్చంగా సరిపోతుంది. టెప్లిట్జ్ అతిథుల జాబితాలో ఆయన పేరు జూలై 7న ఎక్కింది. బస రేపటికి ఖాయమవుతుందన్న మాటకు అదీ సరిపోయింది. టెప్లిట్జ్ నుంచి టపా వెళ్లే "కె" అంటే కార్ల్స్‌బాడ్ అని చాలామంది ఒప్పుకున్నారు.

1909 నుంచి రెండేళ్ల వ్యవధిలో థామస్-సాన్-గల్లి, మాక్స్ ఉంగర్ ఈ దారిలోనే వెళ్లి 1812 దగ్గర ఆగారు. ఇవాళ ఆండర్సన్ సంపుటంలో 373వ ఉత్తరం, బ్రాండెన్‌బుర్గ్ దాంట్లో 582వ ఉత్తరం అయిన దీని మీద ఆ సంవత్సరమే ఉంటుంది. ఒకే ఉత్తరానికి రెండు నంబర్లుండటం గమనించండి. నంబరు చెప్పేటప్పుడు ఏ సంపుటమో చెప్పకపోతే చదివేవాళ్లు వేరే ఉత్తరం దగ్గరికి వెళతారు.

ఏడాది తేలింది, మనిషి తేలలేదు

ఇంత గట్టి తేదీ దొరికితే ఆమె ఎవరో కూడా తెలిసిపోవాలి కదా? ఇక్కడే పండితులు రెండు వైపులా నిలబడ్డారు.

అమెరికన్ పరిశోధకుడు మేనార్డ్ సాలమన్ 1970లలో ఆంటోనీ బ్రెంటానో పేరు ముందుకు తెచ్చాడు. ఆయన బలమంతా రిజిస్టర్లలో ఉంది. ఆమె జూలై 3న ప్రాగ్‌లో ఉన్నట్టు, 5న కార్ల్స్‌బాడ్ చేరినట్టు రికార్డులున్నాయి. సరైన వారంలో సరైన రెండు ఊళ్లలోనూ కనిపించే, బీథోవెన్‌కు దగ్గరైన స్త్రీ ఆమె. ఎదుటివాళ్ల ప్రశ్న కూడా చిన్నదేం కాదు: ఆమె భర్తతో, బిడ్డతో కలిసి ప్రయాణం చేస్తోంది. అంత ఆవేశమున్న ఉత్తరాన్ని భర్త పక్కనున్న మనిషికి పంపుతాడా?

రెండో పక్షం యోసెఫిన్ బ్రున్స్‌విక్ పేరు చెబుతుంది. 1957లో ఆమెకు బీథోవెన్ రాసిన 13 ఉత్తరాలు అచ్చయ్యాయి. 1804 తర్వాతి కొన్నేళ్లలో రాసిన వాటిలో ప్రేమ దాపరికం లేకుండా ఉంది, మాటల తీరు కూడా ఆ పెన్సిలు లేఖకు దగ్గరగా ఉందని వీళ్ల వాదన. కానీ 1812 జూలై మొదటి వారంలో ఆమె ప్రాగ్‌లో ఉందనడానికి కాగితం లేదు, కార్ల్స్‌బాడ్ జాబితాల్లోనూ ఆమె పేరు లేదు.

ఒకరి దగ్గర రిజిస్టరుంది, ఇంకొకరి దగ్గర మనసు తెలిపే ఉత్తరాలున్నాయి. నేను ఎవరి పక్షమని అడిగితే, తేదీల వరకు రిజిస్టరుకే ఎక్కువ మార్కులు వేస్తాను. కానీ జాబితాలో పేరుండటం ఆమె అక్కడుందని చెబుతుంది గానీ, ఉత్తరం ఆమెకే రాశాడని చెప్పదు. పేరు లేకపోవడం కూడా రాలేదనడానికి పూర్తి రుజువు కాదు, మారుపేరుతో ప్రయాణించే కులీనులు అప్పట్లో ఉండేవాళ్లు. పైగా ఆ ఉత్తరం చివరికి బీథోవెన్ సొరుగులోనే దొరికింది. పంపలేదో, పంపాక తిరిగొచ్చిందో పోస్టు ముద్ర లేక తెలియదు.

అయినా సంపుటంలో పక్క పేజీలు తిరగేస్తే ఇంకో చిన్న హద్దు దొరుకుతుంది. జూలై 14న టెప్లిట్జ్ నుంచి వార్న్‌హాగెన్ అనే రచయితకు రాస్తూ, ప్రాగ్‌లో ఆఖరి సాయంత్రం మీతో గడపలేకపోయినందుకు క్షమించమన్నాడు, తాను ముందుగా ఊహించని పరిస్థితి అడ్డొచ్చిందన్నాడు. 5న తెల్లవారుజామున టెప్లిట్జ్ చేరాలంటే 4న ప్రాగ్ నుంచి బయల్దేరాలి, కాబట్టి ఆ ఆఖరి సాయంత్రం జూలై 3. పెన్సిలు లేఖ మొదట్లో ఆయన అన్నమాట: రాస్తున్నది నీ పెన్సిలుతోనే. ఆ పెన్సిలు ఆమె ఇచ్చింది ఆ సాయంత్రమేనని చాలామంది రాసేశారు. ఉత్తరాలు చెప్పేది మాత్రం ఇంతే: జూలై 6కు కొద్ది రోజుల ముందు వాళ్లిద్దరూ కలిశారు, జూలై 3 సాయంత్రం ఆయన వార్న్‌హాగెన్ దగ్గరికి వెళ్లలేదు. ఈ రెండింటినీ కలిపే గీత మనం గీసింది, దాన్ని బ్రాకెట్లో పెట్టాల్సిందే.